ఆరంగుళాల తలుపు

మా పిన్ని వాళ్లది గుంటూరులో అయిదంతస్తుల అపార్టుమెంటులో పై అంతస్తు ఫ్లాటు. ఇల్లు కట్టి నాలుగేళ్లయిందో లేదో, హాల్లో ఒక ప్యానెల్ లైటు కన్నుకొట్టడం మొదలెట్టింది. స్విచ్ వేస్తే వెలుగుతుంది, రెండు సెకన్లకు ఆరుతుంది, మళ్లీ వెలుగుతుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి నిచ్చెనెక్కి, లైటు అంచు పట్టుకుని కిందికి లాగాడు. లైటు వచ్చింది. దాని వెనక నుంచి జానెడు వైరు వచ్చి, బిగుసుకుని ఆగిపోయింది. కన్నంలో చెయ్యి పెట్టి మోచేతి దాకా తడిమాడు. సెల్‌ఫోన్ లైటు వేసి చూశాడు. "అమ్మా, డ్రైవర్ ఇక్కడ లేదు. అదిగో, నాలుగడుగుల అవతల ఛానల్‌కి టై వేసి కట్టేశారు. చెయ్యి అందదు" అన్నాడు.

చివరికి ఏం జరిగిందంటే, డ్రైవర్ కోసం సీలింగ్‌కి ఇంకో కన్నం కోశారు. పాడైన వస్తువు ఖరీదు రెండు వందల రూపాయలు. కోసిన చోట బోర్డు ముక్క అతికి, టేపు వేసి, పుట్టీ పెట్టి, ఆ ముక్క రంగు మిగతా సీలింగ్‌తో కలవదు కాబట్టి హాలు సీలింగ్ మొత్తానికీ మళ్లీ రంగు వేయించేసరికి ఆరు వేలు దాటింది. పిన్ని అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది. "ఒరేయ్, బల్బు పోతే మార్చుకోవడం మనకు చేతనయ్యేది కదరా. ఇదేం దీపం?"

ఆ ప్రశ్నకు సరైన జవాబు సీలింగ్ వేసే రోజుల్లోనే ఇవ్వాలి. జిప్సం బోర్డు మూసేశాక ఆ ఇంటి దీపాల డ్రైవర్ల దగ్గరికి వెళ్లడానికి మిగిలే దారి ఒక్కటే, లైటు కూర్చునే కన్నం. మామూలు 12 వాట్ల గుండ్రటి లైటుకైతే ఆ కన్నం ఆరంగుళాల వెడల్పు ఉంటుంది. దాన్ని లైటు పట్టే కన్నంగా మాత్రమే చూస్తే పిన్ని ఇంట్లో జరిగిందే జరుగుతుంది. రేపు రిపేరుకు వెళ్లే తలుపుగా చూస్తే అది ఎక్కడ కోయాలి, ఎంత కోయాలి, దాని వెనక ఏముండాలి అన్నవన్నీ వాటంతట అవే తేలిపోతాయి.

ముందు పైన ఏముంటుందో చూద్దాం. ఎల్‌ఈడీ ప్యానెల్ అంటే ఒక అల్యూమినియం పళ్లెం, అందులో చిన్న చిన్న ఎల్‌ఈడీలు, ముందు తెల్లటి డిఫ్యూజర్. ఎల్‌ఈడీకి మన ఇంటి 230 వోల్టుల ఏసీ కరెంటు నేరుగా పనికిరాదు. దాన్ని డీసీగా మార్చి, ఇంతే కరెంటు పోవాలని అదుపు చేసి పంపే చిన్న పెట్టె ఒకటి కావాలి. అదే డ్రైవర్. పాత ట్యూబులైటు అలవాటుకొద్దీ కొందరు దాన్ని చోక్ అనే అంటారు. అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దది, ఒక పక్క కరెంటు వైర్లు, ఇంకో పక్క లైటుకు వెళ్లే సన్నటి వైరు, దాని చివర లైటు వైరుతో గుచ్చుకునే పిన్ను.

చాలా ఇళ్లలో ముందు పోయేది ఈ పెట్టెే. లోపల ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లుంటాయి. వాటిలోని ద్రవం వేడికి మెల్లగా ఎండిపోతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే కెపాసిటర్ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందని ఎలక్ట్రానిక్స్ వాళ్లు లెక్క వేసుకుంటారు. పిన్ని వాళ్లలాగా పై అంతస్తులో ఉంటే, మే నెల ఎండకు కాగిన శ్లాబుకూ సీలింగ్‌కూ మధ్య గాలి ఆడని సందులో ఈ డ్రైవర్ కూర్చుని ఉంటుంది. ఎంత మంచిది కొన్నా ఏదో ఒక రోజు అది పోతుందనే అనుకోవాలి. అప్పుడు చెయ్యి అందాలి, అంతే.

పిన్ని ఇంటి సంగతి కళ్లారా చూశాక, మా ముందుగదికి ఫాల్స్ సీలింగ్ వేయించేటప్పుడు నేను ఛానళ్లు బిగించే రోజు నుంచే దగ్గరుండి చూశాను. ఆ లెక్క వివరంగా చెబుతాను. ఎందుకంటే ఇబ్బంది ఎక్కడ మొదలవుతుందో అందులో తెలుస్తుంది.

గది పొడవు 12 అడుగులు, వెడల్పు 10. ఆరు లైట్లు, ఒక్కోటి 12 వాట్లు, పొడవు వెంట మూడు చొప్పున రెండు వరసలు. లైట్ల మధ్య ఎంత దూరమో, చివరి లైటుకూ గోడకూ మధ్య అందులో సగం ఉంచడం వాడుక. అలా చేస్తే గోడ మీదా నేల మీదా వెలుగు సమంగా పరుచుకుంటుంది. కాబట్టి 12 అడుగుల వైపు, అంటే 144 అంగుళాల్లో, ఒక గోడ నుంచి 24, 72, 120 అంగుళాల దగ్గర లైట్లు వస్తాయి. 10 అడుగుల వైపు, అంటే 120 అంగుళాల్లో, 30, 90 దగ్గర. కాగితం మీద ఇంతవరకూ ఇబ్బందేమీ కనపడదు.

ఇప్పుడు ఛానళ్లు. జిప్సం బోర్డును మరలతో బిగించే కింది ఛానళ్లు మామూలుగా 18 అంగుళాలకు ఒకటి వస్తాయి. మా గదిలో అవి వెడల్పు వైపు పరిచినవి. గోడ నుంచి 18, 36, 54, 72 ఇలా. చూశారా, 72 దగ్గర ఛానలూ ఉంది, మధ్య జత లైట్లూ ఉన్నాయి. కన్నం కోస్తే రంపం నేరుగా ఇనుము మీదికి వెళ్తుంది. మేస్త్రీ "అప్పుడు ఛానల్ కోసేద్దాం సార్, ఏం కాదు" అన్నాడు. చాలా చోట్ల జరిగేది ఇదే. కానీ కోసిన ఛానల్ మీద ఆధారపడిన బోర్డు ఆ చోట వేలాడుతుంది, ఏడాది తిరిగేసరికి లైటు చుట్టూ వెంట్రుకవాసి పగులు కనపడుతుంది.

ఛానళ్ల వరస మొత్తాన్ని కాస్త పక్కకు జరిపితే సరిపోదా అని నేనూ అనుకున్నాను. సరిపోదు. కన్నం వెడల్పు 155 మిల్లీమీటర్లు, ఛానల్ వెడల్పు సుమారు 80. ఈ రెండింటి సగాలూ కలిపితే కన్నం మధ్య బిందువుకూ ఛానల్ మధ్య గీతకూ కనీసం అయిదంగుళాల దూరం ఉండాలి. లైట్లు 48 అంగుళాల దూరంలోనూ, ఛానళ్లు 18 అంగుళాల దూరంలోనూ ఉన్నప్పుడు వరసను ఎటు జరిపినా మూడు జతల్లో ఏదో ఒకటి తగులుతూనే ఉంటుంది. కాగితం మీద గీసి చూడండి, తెలుస్తుంది. మేం చేసిందేమిటంటే, 72 దగ్గరి ఛానల్ తీసేసి, దానికి బదులు 66 దగ్గర ఒకటి, 78 దగ్గర ఒకటి వేయించాం. ఖర్చు ఒక్క ఛానల్ ముక్క. లైటుకు రెండు వైపులా ఆరేసి అంగుళాలు దొరికాయి, బోర్డుకు అక్కడ బలం తగ్గలేదు సరికదా, పెరిగింది.

అదే 72 దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది. మేం తెప్పించిన బోర్డులు ఆరడుగుల పొడవువి. గోడ నుంచి నిండు బోర్డుతో మొదలెడితే రెండు బోర్డుల అతుకు సరిగ్గా 72 దగ్గరే పడుతుంది. అతుకు మీద కన్నం కోస్తే టేపు తెగుతుంది, పగులు అక్కడి నుంచే బయల్దేరుతుంది. అందుకని మొదటి వరసలో బోర్డును 54 అంగుళాలకు కోసి మొదలెట్టించాను, రెండో వరసలో 36కు. అప్పుడు అతుకులు 54, 126 దగ్గరా, 36, 108 దగ్గరా పడ్డాయి. అన్నీ ఛానళ్ల మీదే ఉన్నాయి, లైటు కింద ఒక్కటీ లేదు. వరసకూ వరసకూ అతుకులు ఒకే గీతలో పడకపోవడం బోర్డుకూ మంచిదే.

బోర్డులు మూసే ముందు రోజు చేయాల్సిన పని ఒకటుంది. దానికి అరగంట చాలు. నేల మీద టేపు పరిచి, గోడ నుంచి కొలత కనపడేలా, పైనున్న ఛానళ్లూ వైర్లూ ఫొటోలు తీసుకోవాలి. గది నాలుగు వైపుల నుంచీ తీయాలి, ఫోన్‌లో ఆ గది పేరు పెట్టి దాచాలి. మూడేళ్ల తర్వాత ఫ్యానుకో కర్టెన్ రాడ్‌కో పైన మర బిగించాల్సి వచ్చినప్పుడు కూడా ఆ ఫొటోలే దారి చూపిస్తాయి.

ఇక కన్నం. ఎంత కోయాలన్నది లైటు డబ్బా మీద కట్ అవుట్ అని రాసి ఉంటుంది. వాట్లను బట్టి ఊహించకూడదు, ఒకే 12 వాట్లకు కంపెనీని బట్టి కొలత మారుతుంది. మా లైటు బయటి అంచు 170 మిల్లీమీటర్లు, కట్ అవుట్ 155. అంటే అంచు కన్నాన్ని కప్పేది ఒక్కో పక్క ఏడున్నర మిల్లీమీటర్లు మాత్రమే. చెయ్యి జారి 165 కోశారనుకోండి, కప్పేది రెండున్నర. కన్నం కాస్త అటూ ఇటూ అయితే నల్లటి సందు కనపడుతుంది, పైన స్ప్రింగ్ క్లిప్పుకు ఆనుకునే చోటు కూడా దొరకదు. చిన్నదిగా కోసి ఆకురాయితో పెంచుకోవచ్చు. పెద్దదిగా కోస్తే దాన్ని తగ్గించే దారి లేదు. అందుకే లైట్లు ముందే కొని, ఒకటి చేతిలో పెట్టుకుని కోయించాలి. "కన్నాలు కోసేస్తాం, లైట్లు మీరు తర్వాత కొనుక్కోండి" అనే మాటకు ఒప్పుకోకూడదు.

గుర్తు పెట్టడం నేల మీద మొదలవుతుంది. గోడల నుంచి కొలిచి నేల మీద ఆరు చుక్కలు పెట్టి, లేజర్‌తో గానీ గుండు దారంతో గానీ పైకి ఎక్కించాలి. నిచ్చెన మీద నిలబడి టేపు పట్టుకుని కొలిస్తే అర అంగుళం తేడా ఎప్పుడు వచ్చిందో తెలియదు. ఒకే వరసలో ఉన్న మూడు లైట్లలో మధ్యది అర అంగుళం పక్కకు పోతే, గుమ్మంలో నిలబడ్డ వాళ్లకు రోజూ అదే కనపడుతుంది.

మా ఎలక్ట్రీషియన్ దగ్గర నేను నేర్చుకున్న ఉపాయం ఒకటి చెబుతాను. చుక్క పెట్టిన చోట ముందు వేలు పట్టేంత కన్నం కూడా అక్కర్లేదు, స్క్రూడ్రైవర్ దూరేంత చాలు. గట్టి జీఐ తీగను నాలుగంగుళాల దగ్గర మడిచి, ఆ మడిచిన చివరను కన్నంలోంచి పైకి దూర్చి, తీగను గుండ్రంగా ఒక చుట్టు తిప్పాలి. అడ్డం లేకుండా తిరిగితే ఆ నాలుగంగుళాల మేర ఛానలూ లేదు, పైపూ లేదు. ఎక్కడన్నా తగిలితే అక్కడే ఆగాలి. చిన్న కన్నాన్ని చిటికెడు పుట్టీ మూసేస్తుంది, ఆరంగుళాల కన్నాన్ని మూయాలంటే బోర్డు ముక్క కావాలి. పాత ఇంట్లో, ఫొటోలు లేని చోట ఇంతకుమించిన పరీక్ష లేదు. ఆ గది ఎంసీబీ దించే ఉండాలని వేరే చెప్పక్కర్లేదు కానీ, చెబుతున్నాను. పైన వైరు ఎక్కడ పడుకుని ఉందో రంపానికి తెలియదు.

కోయడానికి డ్రిల్లుకు తగిలించే సర్దుబాటు కట్టర్ వస్తుంది, దాని కింద దుమ్ము పట్టే ప్లాస్టిక్ గిన్నె కూడా ఉంటుంది. అది ఉంటే కన్నం కంపాస్‌తో గీసినట్టు వస్తుంది. మిగిలిన బోర్డు ముక్క మీద ముందు ఒకటి కోసి, అసలు లైటును అందులో బిగించి చూసుకోవాలి. కట్టర్ లేకపోతే గీత గీసి, మొన దేలిన చేతి రంపంతో గీతకు లోపలివైపు కోయాలి. కళ్లద్దాలూ మాస్కూ తప్పనిసరి. తల పైకెత్తి కోస్తున్నప్పుడు జిప్సం పొడి అంతా నేరుగా కంట్లోకే వస్తుంది. పాత పీవోపీ సీలింగ్ అయితే దారి వేరు. అది అన్నిచోట్లా ఒకే మందం ఉండదు, లోపల జాలీ ఉంటుంది, దడదడలాడిస్తే పెచ్చులూడుతుంది. అక్కడ మెల్లగా, చేత్తోనే.

కోసిన గుండ్రటి ముక్కలు పారేయకండి. ఒకటి రెండు అటక మీద పెట్టుకుంటే, రేపు ఏదన్నా కన్నం మూయాల్సి వచ్చినప్పుడు అదే మందం, అదే బోర్డు దొరుకుతుంది.

కన్నం అయింది. ఇప్పుడు దాని వెనక ఏముండాలన్నది అసలు సంగతి. కరెంటు వైరు శ్లాబు పెట్టె నుంచి వచ్చి కన్నంలోంచి కిందికి కనీసం అడుగున్నర వేలాడాలి. నిచ్చెన మీద నిలబడ్డ మనిషి రెండు చేతులతో, కళ్లెదురుగా కనెక్షన్ ఇచ్చుకోగలగాలి. వైరు పొదుపు కోసం దాన్ని జానెడుకు కోసేస్తే, ఎలక్ట్రీషియన్ తల పైకెత్తి, కన్నంలో చెయ్యి పెట్టి, కనపడని చోట మెలి తిప్పుతాడు. వదులుగా పడ్డ మెలి వేడెక్కుతుంది. వేడికి ఇన్సులేషన్ టేపు జిగురు కరిగి ఊడిపోతుంది. లైటు మిణుకుమంటే డ్రైవర్ పోయిందని కొత్తది కొనే వాళ్లలో కొందరి ఇంట్లో అసలు తప్పు ఈ అతుకులోనే ఉంటుంది. మూడు కనెక్షన్లకూ నొక్కితే పట్టుకునే కనెక్టర్ గానీ, మర బిగించే స్ట్రిప్ కనెక్టర్ గానీ వాడి, దాన్ని మూత ఉన్న చిన్న పెట్టెలో పెట్టాలి. ఆ పెట్టె కూడా ఈ కన్నంలోంచి బయటికి రావాలి.

డ్రైవర్‌ను దేనికీ కట్టకూడదు. బోర్డు మీద, లైటు వీపుకు తగలకుండా, కన్నం అంచు నుంచి ఒక జానెడు దూరంలో అలా పడుకోబెడితే చాలు. లైటు వీపు అల్యూమినియందే, ఎల్‌ఈడీల వేడిని అదే వదిలేస్తుంది, డ్రైవర్‌ను దాని మీదే పెడితే ఆ వేడి కూడా దీనికి తోడవుతుంది. పైన గాజు ఉన్ని, థర్మోకోల్ లాంటివి పరిచే ఆలోచన ఉంటే అవి డ్రైవర్‌ను కప్పకుండా చూసుకోవాలి. వైరు పట్టి లాగితే డ్రైవర్ తాడు కట్టిన దూడలా వెనకే రావాలి. అయితే ఆ లాగుడు కనెక్టర్ మర మీద పడకుండా, పెట్టె లోపలే వైరును క్లిప్పుతో పట్టించి ఉంచాలి.

ఆరంగుళాల కన్నంలో మనిషి చెయ్యి మోచేతి దాకా దూరుతుంది కాబట్టి డ్రైవర్ కాస్త పక్కకు జరిగినా దొరుకుతుంది. టీవీ గోడ మీదికీ దేవుడి గూటి మీదికీ పెట్టే చిన్న స్పాట్ లైట్లకు ఆ వీలుండదు. వాటి కన్నం రెండున్నర మూడంగుళాలు, నాలుగు వేళ్లు మాత్రమే దూరతాయి. అక్కడ వైరే దిక్కు. కొనేటప్పుడే డ్రైవర్ ఆ కన్నంలో పడుతుందో లేదో కోసిన బోర్డు ముక్కలో దూర్చి చూడాలి. పైకి బలవంతంగా తోస్తే వెళ్లి, కిందికి రాని డ్రైవర్లు నేను చూశాను.

లైటు ఎక్కించేటప్పుడు క్లిప్పులు రెండూ పైకి మడిచి పట్టుకుని కన్నంలోకి తోస్తాం, అవి లోపల తెరుచుకుని బోర్డు వీపును నొక్కి పట్టుకుంటాయి. క్లిప్పు ఛానల్ వైపు కాకుండా, ఛానల్‌తో పాటు సాగే దిశలో ఉండేలా లైటును తిప్పుకోవాలి. ఛానల్ మీదికి ఎక్కితే క్లిప్పు సగమే తెరుచుకుంటుంది, లైటు ఒక పక్క జారి కనపడుతుంది. తీసేటప్పుడు క్లిప్పులున్న రెండు వైపులా గోళ్లతో పట్టి సమంగా కిందికి లాగాలి. స్క్రూడ్రైవర్‌తో ఒక పక్క ఎత్తితే బోర్డు అంచు చిట్లుతుంది. అంచు బయటికొచ్చిన క్షణంలో క్లిప్పు ఫట్‌మని కొడుతుంది, వేళ్లు దాని దారిలో ఉండకూడదు.

ఈ తలుపుకు తాళం వేసేది చివర్లో వచ్చే పెయింటర్. లైటు అంచుకూ సీలింగ్‌కూ మధ్య సన్నటి గీత కనపడితే పుట్టీ రాసి మూసేస్తాడు, దాని మీద రంగు వేసేస్తాడు. చూడ్డానికి అందంగానే ఉంటుంది, కానీ లైటు లాగిన రోజు దాని చుట్టూ పెచ్చు ఊడి వస్తుంది. కన్నాలు ప్రైమర్ అయ్యాక కోసి, లైట్లు ఆఖరి కోటు ఆరాక పెట్టాలని వరస అడగండి. ఎవరింట్లోనైనా ఇప్పటికే అలా అతికిపోయి ఉంటే, లాగే ముందు పదునైన బ్లేడుతో అంచు చుట్టూ ఒక గీత గీయాలి.

ఇంతవరకూ చెప్పింది కన్నం ఉన్న లైట్ల సంగతి. కన్నమే లేని దీపాలు కూడా ఇప్పుడు ప్రతి ఇంట్లో ఉన్నాయి. సీలింగ్ అంచు మెట్టు వెనక దాచే స్ట్రిప్, బోర్డులో గీతలా కనపడే ప్రొఫైల్ లైటు ఈ రకం. వీటి డ్రైవర్ పెద్దది, 12 లేదా 24 వోల్టులు ఇచ్చేది, ఒక్కటి పోతే గది అంచంతా చీకటే. దాన్ని బోర్డు మీద పెట్టి మూసేస్తే దారి ఎక్కడ? నా దృష్టిలో మంచి జాగా సీలింగ్ బయటే ఉంది. పక్కనే అటక గానీ వార్డ్‌రోబ్ పైభాగం గానీ ఉంటే అక్కడ పెట్టి, సన్నటి డీసీ వైరును మాత్రం లోపలికి పంపాలి. దూరం మరీ ఎక్కువైతే వోల్టేజి దారిలోనే పడిపోయి స్ట్రిప్ చివర మసకబారుతుంది. అందుకే వీలైతే 24 వోల్టులది తీసుకుని, వైరు కాస్త లావుది వేయాలి.

అలాంటి జాగా లేకపోతే, ఏదన్నా ప్యానెల్ లైటు కన్నానికి మూరెడు లోపల ఆ డ్రైవర్‌ను పెట్టించండి. లైటు తీస్తే దాని డ్రైవరూ, పక్కనున్న స్ట్రిప్ డ్రైవరూ రెండూ దొరుకుతాయి. కానీ ఇది జానెడు పొడవున్న ఇనుప పెట్టె, సీలింగ్‌కూ శ్లాబుకూ మధ్య నాలుగంగుళాలే ఉంటే కన్నంలోంచి ఏటవాలుగా తిప్పడానికి చోటు చాలకపోవచ్చు. బోర్డు మూసే ముందే దించి, ఎక్కించి చూడాలి. అదీ కుదరకపోతే ట్రాప్ డోర్. అడుగు చదరం చాలు, నాలుగు పక్కలా ఛానల్‌తో చట్రం కట్టి, నొక్కితే తెరుచుకునే లాచ్ పెడతారు. హాలు మధ్యలో పెట్టమని నేను చెప్పను. బాల్కనీ గుమ్మం పైనా, కర్టెన్ పెట్టె పక్కనా చూపు ఆనని మూల ఒకటి ప్రతి గదిలో ఉంటుంది. ఆఫీసుల్లో రెండడుగుల చదరపు పలకల సీలింగ్‌కు ఈ బాధ లేదు, ఏ పలక ఎత్తినా దారే.

దారి ఉంచుకున్నాక, లైటు పోయిన రోజు తప్పు ఎక్కడుందో తేల్చడం కష్టం కాదు. వరస మొత్తం ఆరిపోతే స్విచ్చో, వైరో, అతుకో చూడాలి. ఒక్కటే ఆరి వెలుగుతుంటే డ్రైవర్ మీద అనుమానం. ప్యానెల్‌లో కొంత భాగం మాత్రమే నల్లబడితే ఎల్‌ఈడీలే పోయినట్టు, డ్రైవర్ మార్చినా లాభం లేదు. స్విచ్ ఆపేశాక కూడా మసగ్గా మిణుకుతుంటే, స్విచ్‌లో ఫేజుకు బదులు న్యూట్రల్ వేసి ఉండొచ్చు. అప్పుడు స్విచ్ ఆపినా లైటు దాకా ఫేజు వస్తూనే ఉంటుంది కాబట్టి దాన్ని సరిచేయించే దాకా ఎంసీబీ దించకుండా లైటు ముట్టుకోకూడదు. స్విచ్‌లో ఎర్రదీపం ఉన్నా అలా మిణుకే అవకాశం ఉంది. అనుమానం తీరాలంటే ఎంసీబీ దించి, అదే రకం పక్క లైటును ఈ డ్రైవర్‌కు గుచ్చి, మళ్లీ ఎంసీబీ వేసి చూడాలి. పక్క లైటు కూడా మిణుకుతే డ్రైవరే దోషి. కరెంటు ఉండగా మాత్రం ఆ పిన్ను తీసి పెట్టకండి. లోడు లేని డ్రైవర్‌లో వోల్టేజి పైకి ఎగబాకి ఉంటుంది, గుచ్చిన క్షణంలో ఆ దెబ్బకు బాగున్న ఎల్‌ఈడీలు పోతాయి. చవక డ్రైవర్లలో కొన్నింటికి ఇంటి కరెంటుకూ లైటు వైపుకూ మధ్య అడ్డుగోడ కూడా ఉండదు, చేతికి షాకు తగులుతుంది.

కొత్త డ్రైవర్ కొనడానికి పాతదాన్ని చేతిలో పట్టుకుని షాపుకు వెళ్లాలి. దుకాణంలో "12 వాట్లది ఇవ్వండి" అంటే చాలదు. పాతదాని మీద అవుట్‌పుట్ అని రాసిన చోట రెండు అంకెలుంటాయి. మాదాని మీద 36 నుంచి 42 వోల్టులు, 300 మిల్లీ ఆంపియర్లు అని ఉంది. మిల్లీ ఆంపియర్లు సరిగ్గా అంతే ఉండాలి. 600 ఉన్నది పెడితే మొదటి రోజు ధగధగా వెలిగి, కొద్ది రోజుల్లో ప్యానెల్ మాడిపోతుంది. వోల్టుల పరిధి పాతదాన్ని ఇముడ్చుకునేలా ఉండాలి, 30 నుంచి 45 అయినా ఫరవాలేదు. భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తూ, దాని రిజిస్ట్రేషన్ నంబరూ పెట్టె మీద ఉన్నాయో లేదో చూసుకోవాలి. పిన్ను ఆకారం కూడా పోల్చుకోండి, లేకపోతే కోసి అతకాల్సి వస్తుంది.

మా ముందుగదిలో ఆఖరి రంగు ఆరాక, ఎలక్ట్రీషియన్‌కు బిల్లు ఇచ్చే ముందు ఒక పని అడిగాను. ఎంసీబీ దించి, ఆరు లైట్లూ ఒక్కొక్కటిగా కిందికి తీసి, డ్రైవర్‌ను నా చేతిలో పెట్టి, మళ్లీ లోపల పెట్టమన్నాను. అయిదు వచ్చాయి. కిటికీ పక్కది రాలేదు, వైరు పైన ఛానల్ మెలికలో చిక్కుకుంది. కన్నంలోంచి చెయ్యి పెట్టి విడిపించడానికి అతనికి పది నిమిషాలు పట్టింది.

"రంగు వేసే ముందే ఇది చూసుకోవాల్సింది సార్" అన్నాడు నిచ్చెన దిగుతూ. ఇప్పుడు తను పనిచేసే ప్రతి ఇంట్లో ప్రైమర్ కోటు కాగానే ఆ పరీక్ష చేస్తున్నానని మొన్న ఫోన్‌లో చెప్పాడు.